బెణికిందా, విరిగిందా? ఎక్స్‌రేకి ముందు వేలితో నొక్కి చూడాలి

బస్సు మెట్టు దిగుతుంటే పాదం లోపలికి మడత పడుతుంది. పావుగంటలో చీలమండ బయటి వైపు వాచిపోతుంది. రాత్రికి చర్మం కమిలి నల్లబడుతుంది. ఇంట్లో అందరూ చుట్టూ చేరతారు. ఒకరు కాలివేళ్ళు కదపమంటారు. అవి కదలగానే "ఎముకకేం కాలేదు, బెణుకే" అని తేల్చేస్తారు. ఇంకొకరు వాపు చూసి "ఇంత వాచిందంటే విరిగే ఉంటుంది" అంటారు. మరొకరు "పడ్డప్పుడు టక్కున చప్పుడైందా?" అని అడుగుతారు.

ఈ మూడు గుర్తుల్లో ఏదీ నమ్మదగ్గది కాదు. కాలివేళ్ళను కదిపే పెద్ద కండరాలు పాదంలో ఉండవు, మోకాలికీ చీలమండకీ మధ్య ఉంటాయి. వాటి టెండన్లు చీలమండ దాటి వేళ్ళ దాకా వెళ్తాయి. చీలమండ పక్కనున్న ఎముక విరిగినా ఆ టెండన్లకు ఏమీ కాదు కాబట్టి వేళ్ళు హాయిగా కదులుతాయి. ఇక వాపు సంగతి. ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంటు చిరిగినా లోపల రక్తం కారుతుంది. అందుకే ఎముకలో సన్నని పగులున్న కాలి కంటే గట్టిగా బెణికిన కాలే కొన్నిసార్లు ఎక్కువ వాస్తుంది. చప్పుడు కూడా అంతే. ఎముక విరిగినా, లిగమెంటు తెగినా వినిపిస్తుంది.

అలాగని కాలు మడత పడ్డ ప్రతి ఒక్కరికీ ఎక్స్‌రే తీయాలా? అక్కర్లేదు. ఎక్కడ నొక్కాలో, ఏం అడగాలో తెలిస్తే ఎక్స్‌రే ఎవరికి అవసరం లేదో మంచం పక్కనే రెండు నిమిషాల్లో చెప్పవచ్చు. ఈ పద్ధతిని కెనడా రాజధాని ఒట్టావాలో తయారు చేశారు. అందుకే దీన్ని ఒట్టావా నియమాలు అంటారు.

ఒట్టావాలో ఏం చేశారు?

చీలమండ దెబ్బతో అత్యవసర విభాగానికి వచ్చేవాళ్ళలో దాదాపు అందరికీ అప్పట్లో ఎక్స్‌రే తీసేవారు. తీరా చూస్తే నూటికి పదిహేను మందికి కూడా ఎముక విరిగి ఉండేది కాదు. మిగిలిన ఎనభై అయిదు మంది ఎక్స్‌రే గది ముందు కూర్చుని, డబ్బు కట్టి, "విరగలేదు" అనే మాట విని వెళ్ళిపోయేవారు. ఆ మాటను ఎక్స్‌రే లేకుండానే ధైర్యంగా చెప్పే మార్గం ఉందా అని ఇయాన్ స్టీల్ అనే అత్యవసర వైద్యుడు, ఆయన సహచరులు పరిశోధన మొదలుపెట్టారు.

వాళ్ళు చీలమండ దెబ్బ తగిలిన 750 మంది పెద్దవాళ్ళను తీసుకున్నారు. ఎక్స్‌రే ఫలితం తెలియకముందే డాక్టర్లు వాళ్ళను పరీక్షించి వాపు, కమిలిన గుర్తు, నొక్కితే నొప్పి ఉన్న చోట్లు, నడక, వయసు లాంటి వివరాలన్నీ కాగితం మీద నమోదు చేశారు. ఎముక నిజంగా విరిగినవాళ్ళందరిలో కనిపించి తీరే గుర్తులేవో ఆ వివరాల్లో వెతికారు. రకరకాల కలయికలు పరిశీలించాక మిగిలినవి కొద్దే. ఆ ఫలితాన్ని 1992లో ప్రచురించారు. ఆ మొదటి రూపంలో 55 ఏళ్ళు దాటిన వయసు కూడా ఒక గుర్తుగా ఉండేది. మరింత మంది మీద సరిచూస్తే, చీలమండ విషయంలో వయసు లేకపోయినా నియమం అంతే బాగా పనిచేస్తోందని తేలింది. 1993లో దాన్ని తీసేశారు. మోకాలికి విడిగా మరో నియమం 1995లో వచ్చింది. దానికోసం 1,047 మందిని పరీక్షించారు.

చీలమండ దగ్గర ఎక్కడ నొక్కాలి?

చీలమండకు రెండు పక్కలా ఎముక గుబ్బలా పొడుచుకొచ్చి ఉంటుంది. బయటి గుబ్బ ఫిబులా అనే సన్నని ఎముక చివర. లోపలి గుబ్బ టిబియా అనే పెద్ద ఎముక చివర. నొప్పి ఈ గుబ్బల ప్రాంతంలో ఉంటే కింది మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా చీలమండ ఎక్స్‌రే తీయాలి.

మొదటిది, బయటి గుబ్బ కొన మీద గానీ, అక్కడి నుంచి పైకి 6 సెంటీమీటర్ల వరకు దాని వెనక అంచు మీద గానీ నొక్కితే ఎముక మీదే నొప్పి ఉండటం. రెండోది, లోపలి గుబ్బ మీద అదే కొన, అదే వెనక అంచు, అదే 6 సెంటీమీటర్ల మేర నొక్కితే నొప్పి ఉండటం. మూడోది, దెబ్బ తగిలిన వెంటనే నాలుగు అడుగులు వేయలేకపోయి, డాక్టరు దగ్గరికొచ్చాక కూడా నాలుగు అడుగులు వేయలేకపోవడం.

ఇక్కడ "వెనక అంచు" అన్న మాట కీలకం. పాదం లోపలికి మడత పడినప్పుడు మామూలుగా చిరిగేది బయటి గుబ్బకు ముందు వైపున అతుక్కుని ఉండే లిగమెంటు. కాబట్టి బెణికిన ప్రతి కాలిలోనూ గుబ్బ ముందు వైపు నొక్కితే ప్రాణం పోయినంత నొప్పి వస్తుంది. అక్కడ నొక్కి, నొప్పి ఉందని ఎక్స్‌రేకి పంపిస్తే అందరినీ పంపించాల్సిందే. వెనక అంచు దగ్గర ఆ లిగమెంటు ఉండదు. అక్కడ ఎముక మీద నొప్పి ఉందంటే ఎముకనే అనుమానించాలి. నియమం తెలిసిన డాక్టర్లు కూడా పొరపాటు పడేది ఇక్కడే. ముందు వైపు నొక్కి లేని అనుమానం తెచ్చుకుంటారు, లేదా వాపుకు భయపడి వెనక వైపు మెల్లగా తాకి వదిలేస్తారు.

నొక్కే తీరు కూడా ముఖ్యం. నొప్పి లేని చోట మొదలుపెట్టాలి. పిక్క పక్కనుంచి ఫిబులా మీదుగా బొటనవేలితో గట్టిగా నొక్కుతూ కిందికి రావాలి. అలా వస్తే మనిషి భయం తగ్గి, ఎక్కడ నిజంగా నొప్పి ఉందో చెప్పగలుగుతారు. నేరుగా వాపు మీద చెయ్యి వేస్తే కాలు లాగేసుకుంటారు, ఆ తర్వాత ఎక్కడ తాకినా నొప్పే అంటారు.

అడుగుల లెక్కకూ ఒక పద్ధతుంది. నాలుగు అడుగులంటే ఒక్కో కాలి మీద రెండుసార్లు బరువు మోపడం. కుంటినా లెక్కే. మునివేళ్ళ మీద ఈడ్చినా, బరువు ఆ కాలి మీద పడితే అడుగు వేసినట్టే. పైగా రెండు సందర్భాల్లోనూ నడవలేకపోతేనే దీన్ని ఎక్స్‌రే కావాల్సిన గుర్తుగా తీసుకుంటారు. దెబ్బ తగలగానే నాలుగు అడుగులు వేసి, రెండు గంటల తర్వాత వాపు వల్ల వేయలేకపోయినా అది ఈ గుర్తు కిందికి రాదు.

పాదంలో రెండు చోట్లు

నొప్పి చీలమండ దగ్గర కాక కాస్త ముందుకు, పాదం నడిమి భాగంలో ఉంటే పాదం ఎక్స్‌రే గురించి ఆలోచించాలి. అక్కడ నొక్కి చూడాల్సిన చోట్లు రెండు. ఒకటి పాదం బయటి అంచున, మడమకూ చిటికెన వేలికీ మధ్యలో కాస్త పొడుచుకుని తగిలే ఎముక మొదలు. దాన్ని అయిదో మెటటార్సల్ మొదలు అంటారు. రెండోది పాదం లోపలి అంచున, చీలమండకు ముందు తగిలే నావిక్యులర్ ఎముక. ఈ రెండింటిలో ఏ ఒక్కదాని మీద నొప్పి ఉన్నా, లేదా పైన చెప్పినట్టు రెండుసార్లూ నడవలేకపోయినా పాదం ఎక్స్‌రే కావాలి.

అయిదో మెటటార్సల్‌ను ప్రత్యేకంగా పట్టించుకోవడానికి కారణం ఉంది. పిక్క బయటి వైపు నుంచి వచ్చే ఒక కండరం టెండను ఈ ఎముక మొదట్లోనే అతుక్కుని ఉంటుంది. పాదం లోపలికి మడత పడుతున్నప్పుడు దాన్ని ఆపడానికి ఆ కండరం ఒక్కసారిగా బిగుసుకుంటుంది. ఆ లాగుడుకి ఎముక ముక్క ఊడి రావచ్చు. అంటే చీలమండ బెణికిన తీరులోనే పాదం ఎముక విరుగుతుంది. మనిషి మాత్రం "చీలమండే నొప్పి" అంటారు. చీలమండకు మాత్రమే ఎక్స్‌రే తీస్తే ఈ పగులు ఫిల్ములో పడకుండా తప్పిపోవచ్చు. వేలితో నొక్కి చూసినవాళ్ళకు మాత్రం ఇట్టే తెలుస్తుంది.

ఒక టీచరు గారి కాలు

ఈ నియమం ఎలా పనిచేస్తుందో ఒక ఊహా సందర్భంలో చూద్దాం. ముప్పై ఎనిమిదేళ్ళ ఒక టీచరు ఆర్టీసీ బస్సు దిగుతూ గుంటలో కాలు పెట్టారు. పాదం లోపలికి మడత పడింది. రెండు గంటల తర్వాత భర్త ఆమెను ఏరియా ఆసుపత్రికి తీసుకొచ్చారు. బయటి గుబ్బ చుట్టూ బాగా వాచింది.

డాక్టరు మొదట కాలు చూడలేదు. "పడగానే లేచి అడుగు వేశారా అమ్మా?" అని అడిగారు. "ఆవిడెవరో చెయ్యి పట్టుకున్నారండీ, కుంటుకుంటూ ఆటో దాకా నడిచాను" అన్నారు టీచరు. ఆటో పది అడుగుల దూరంలో ఉంది. నొప్పితోనే అయినా కాలి మీద బరువు మోపారు కాబట్టి మూడో గుర్తు అప్పటికే పోయింది. తర్వాత ఏం జరిగినా "రెండుసార్లూ నడవలేకపోవడం" అన్నది ఆమెకు వర్తించదు.

తర్వాత డాక్టరు ఆమెకు మధుమేహం ఉందా, కాళ్ళలో తిమ్మిరి ఉందా, ఇంకెక్కడైనా దెబ్బ తగిలిందా అని అడిగారు. ఏవీ లేవు. మోకాలి కింద బయటి వైపు నుంచి ఫిబులా మీదుగా నొక్కుతూ కిందికి వచ్చారు. ఎక్కడా నొప్పి లేదు. వెనక అంచు మీద 6 సెంటీమీటర్లూ, గుబ్బ కొనా గట్టిగా నొక్కారు. "అక్కడ కాదండీ, ముందు" అన్నారు ఆమె. లోపలి గుబ్బ మీద నొప్పి లేదు. అయిదో మెటటార్సల్ మొదలు, నావిక్యులర్ కూడా నొక్కి చూశారు. నొప్పి లేదు. చివర్లో గుబ్బ ముందు నొక్కితే "అమ్మా" అని కాలు లాగేసుకున్నారు. అది లిగమెంటు చోటు.

ఆమెకు ఎక్స్‌రే అవసరం లేదు. భర్త వాపు చూసి "ఒక ఫొటో తీయిస్తే మంచిది కదండీ" అన్నారు. ఎముక విరిగే చోట్లన్నీ నొక్కి చూశామని, ఎక్కడా నొప్పి లేదని, నొప్పి ఉన్నది లిగమెంటు దగ్గరేనని, లిగమెంటు ఎక్స్‌రేలో కనిపించదని డాక్టరు వివరించారు. క్రేప్ బ్యాండేజీ కట్టి పంపించారు.

ఇందులో ఒక్క వివరం మారిస్తే జవాబు మారిపోతుంది. మిగతా అంతా ఇలాగే ఉండి, అయిదో మెటటార్సల్ మొదలు మీద నొక్కగానే నొప్పి వచ్చి ఉంటే పాదం ఎక్స్‌రే తీయాల్సిందే. వాపు ఎంత తక్కువున్నా సరే, ఆమె ఎంత బాగా నడిచినా సరే.

"వద్దు" అంటే నమ్మవచ్చు, "కావాలి" అంటే విరిగినట్టు కాదు

ఈ నియమం రెండు వైపులా సమానంగా పనిచేయదు. ఒక ఉజ్జాయింపు లెక్క చూద్దాం. చీలమండ దెబ్బతో వంద మంది వచ్చారనుకుందాం. వాళ్ళలో పదిహేను మందికి ఎముక విరిగింది, ఎనభై అయిదు మందికి విరగలేదు. నియమం ప్రకారం చూస్తే విరిగిన పదిహేను మందీ దాదాపుగా అందరూ ఎక్స్‌రే గదికే వెళ్తారు. విరగని ఎనభై అయిదు మందిలో సుమారు ముప్పై నాలుగు మంది ఎక్స్‌రే లేకుండా ఇంటికి వెళ్తారు. మిగిలిన యాభై ఒక్క మంది ఎముక బాగానే ఉన్నా ఎక్స్‌రేకి వెళ్తారు. అంటే "ఎక్స్‌రే కావాలి" అని తేలినవాళ్ళలో కూడా ఎక్కువమందికి ఎముక విరిగి ఉండదు. డాక్టరు ఎక్స్‌రే రాశారంటే విరిగినట్టేనని కంగారు పడనక్కర్లేదు.

"ఎక్స్‌రే వద్దు" అన్న మాట మాత్రం గట్టిది. వివిధ దేశాల్లో జరిగిన 27 అధ్యయనాలను, వాటిలోని 15,581 మంది వివరాలను కలిపి 2003లో సమీక్షించారు. నియమం వద్దని చెప్పినా ఎముక విరిగి ఉన్నవాళ్ళు రెండు శాతం లోపే. ఎక్స్‌రేల సంఖ్య మాత్రం 30 నుంచి 40 శాతం వరకు తగ్గుతుందని తేలింది.

తగ్గితే ఏం ఒరుగుతుంది అని అనిపించవచ్చు. చీలమండ ఎక్స్‌రేలో రేడియేషన్ చాలా తక్కువ. భయపడాల్సిందేమీ లేదు. అసలు లాభం వేరే చోట ఉంది. ఎక్స్‌రే యంత్రం లేని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చిన మనిషిని రాత్రి పూట వాపు కాలితో పట్నానికి పంపాలా వద్దా అన్నది అక్కడి డాక్టరు తేల్చుకోవాలి. ఈ నియమం తెలిస్తే పంపాల్సిన మనిషిని ఆలస్యం లేకుండా పంపవచ్చు, పంపనక్కర్లేని మనిషికి ఆ ప్రయాణం, ఆ ఖర్చు తప్పించవచ్చు.

మోకాలికి అయిదు ప్రశ్నలు

మోకాలి దెబ్బకు నియమం వేరు. ఈ అయిదింటిలో ఏ ఒక్కదానికి "అవును" అని జవాబొచ్చినా ఎక్స్‌రే తీయాలి. వయసు 55 లేదా అంతకంటే ఎక్కువా? మోకాలి ఎముకల్లో చిప్ప మీద మాత్రమే, ఇంకెక్కడా లేకుండా, నొక్కితే నొప్పి ఉందా? మోకాలి కింద బయటి వైపు గుండ్రంగా తగిలే ఫిబులా తల మీద నొప్పి ఉందా? మోకాలు 90 డిగ్రీల దాకా మడవలేకపోతున్నారా? దెబ్బ తగిలిన వెంటనే, మళ్ళీ ఆసుపత్రిలో, రెండుసార్లూ నాలుగు అడుగులు వేయలేకపోయారా?

90 డిగ్రీలంటే కుర్చీలో మామూలుగా కూర్చుని పాదం నేల మీద ఆనించినప్పుడు మోకాలు ఉండే వంపు. కొలబద్ద అక్కర్లేదు. మంచం అంచున కూర్చోబెట్టి కాలు వేలాడదీయమంటే తెలిసిపోతుంది.

చీలమండ నియమంలో తీసేసిన వయసు ఇక్కడ మిగిలే ఉంది. వయసు పైబడినవాళ్ళ ఎముకలు పలచబడతాయి. చిన్నపాటి దెబ్బకే మోకాలి కింది పెద్ద ఎముక పైభాగం అణిగిపోవచ్చు. బాత్‌రూములో కాలు జారి మోకాలి మీద పడ్డ అరవై ఏళ్ళ పెద్దావిడ మెల్లగా లేచి నడుచుకుంటూ వచ్చినా, మోకాలు బాగానే మడిచినా ఎక్స్‌రే తీయడమే నియమం. ఆ వయసులో నడవగలగడం ఒక్కటే చూసి ధైర్యం తెచ్చుకోకూడదు.

మోకాలి నియమం ఎముక గురించి మాత్రమే చెబుతుంది. కబడ్డీ ఆడుతూ ఒక్కసారిగా తిరిగిన కుర్రాడి మోకాలు రెండు గంటల్లోపే బాగా వాచిందంటే కీలు లోపల రక్తం చేరి ఉండవచ్చు. అలాంటప్పుడు మోకాలి నడిమిన ఉండే ముందు క్రూసియేట్ లిగమెంటు తెగిందేమోనని అనుమానించాలి. ఆ కుర్రాడు పాతికేళ్ళవాడై, నాలుగు అడుగులు వేసి, మోకాలు మడవగలిగితే నియమం ఎక్స్‌రే వద్దంటుంది. అంతమాత్రాన కాలు బాగున్నట్టు కాదు. ఎక్స్‌రే తీసినా అందులో లిగమెంటు కనిపించదు. అతను ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, అవసరమైతే ఎమ్మారై తీయించాలి.

నియమం ఎవరికి వర్తించదు?

ఈ పద్ధతి అంతా ఒక ఆధారం మీద నిలబడి ఉంది. మనిషికి నొప్పి సరిగ్గా తెలియాలి, తెలిసింది సరిగ్గా చెప్పగలగాలి. ఆ ఆధారం లేనప్పుడు నియమం కూడా లేనట్టే.

మన ఇళ్ళల్లో ఎక్కువగా పట్టించుకోవాల్సింది మధుమేహం. ఏళ్ళ తరబడి చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళ పాదాల్లో నరాలు మొద్దుబారతాయి. ఎముక విరిగినా నొక్కితే నొప్పి తెలియకపోవచ్చు, దాని మీదే నడుస్తూ ఉండవచ్చు. అలాంటి వ్యక్తి పాదం వాచి వేడిగా ఉంటే నొప్పి లేదని వదిలేయకూడదు. డాక్టరు చూడాలి, ఎక్స్‌రే తీయాలి. మద్యం మత్తులో ఉన్నవాళ్ళకూ, తలకు దెబ్బ తగిలి స్పృహ సరిగ్గా లేనివాళ్ళకూ ఈ నియమం పనికిరాదు. బైకు మీద నుంచి పడి తొడ ఎముక కూడా విరిగిన మనిషికి ఆ పెద్ద నొప్పిలో చీలమండ నొప్పి తెలియదు. ఆయనకూ ఇది పనికిరాదు.

పిల్లల విషయంలో జాగ్రత్త కావాలి. ఈ నియమాలను మొదట పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళ మీదే తయారు చేశారు. తర్వాతి అధ్యయనాల్లో అయిదారేళ్ళు దాటిన పిల్లల్లో కూడా చీలమండ నియమం బాగానే పనిచేసింది. కానీ పిల్లల ఎముకల చివర్లలో ఇంకా పెరుగుతున్న మెత్తని పొర ఉంటుంది. దెబ్బకు అది జరిగితే ఎక్స్‌రేలో కూడా కొన్నిసార్లు తెలియదు. పిల్లవాడు నడవనని మొండికేస్తే పెద్దల కోసం చేసిన లెక్క పట్టుకుని కూర్చోకుండా డాక్టరుకు చూపించాలి.

దెబ్బ పాతదైనా నియమం వర్తించదు. చీలమండకు పది రోజులు, మోకాలికి ఏడు రోజులు దాటితే అప్పటికే వాపు, నొప్పి మారిపోయి ఉంటాయి. అలాగే ఈ నియమం చీలమండ గుబ్బలకూ పాదం నడిమి భాగానికీ మాత్రమే. తాటిచెట్టు మీద నుంచో, మేడ మీద నుంచో మడమల మీద పడ్డ మనిషికి మడమ ఎముక చితికిపోవచ్చు. దాన్ని ఈ గుర్తులతో కొలవకూడదు. కాలి వంకర కంటికి కనిపిస్తున్నా, చర్మం చీలి ఎముక బయటపడినా, వేళ్ళు చల్లబడి పాలిపోయినా నొక్కి చూసే పని లేదు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఎక్స్‌రే వద్దన్నాక

నియమం ప్రకారం ఎక్స్‌రే వద్దని ఇంటికి పంపినవాళ్ళకు ఒట్టావా డాక్టర్లు ఒక గడువు చెప్పేవారు. అయిదు నుంచి ఏడు రోజుల్లో నొప్పి తగ్గకపోయినా, నడక మెరుగుపడకపోయినా మళ్ళీ చూపించుకోవాలి. ఆ రెండు శాతం లోపు తప్పిపోయినవాళ్ళను పట్టుకునే వల ఇదే. ఎక్స్‌రే తీసి "బాగుంది" అన్నవాళ్ళకు కూడా ఈ గడువు వర్తిస్తుంది. సన్నని పగులు మొదటి రోజు ఫిల్ములో కనిపించకుండా పదో రోజున కనిపించడం ఎముకల డాక్టర్లకు కొత్తేమీ కాదు.

ఆ మొదటి రోజుల్లో చేయాల్సింది తక్కువే. గుడ్డలో చుట్టిన ఐసు ముక్కలు పావుగంట చొప్పున రోజుకు కొన్నిసార్లు పెట్టాలి. క్రేప్ బ్యాండేజీ వేళ్ళు తిమ్మిరెక్కనంత బిగువులో కట్టాలి. పడుకున్నప్పుడు కాలు దిండు మీద ఎత్తులో ఉంచాలి. నొప్పి ఓర్చుకోగలిగినంత మేరకు రెండు మూడు రోజుల్లోనే మెల్లగా నడక మొదలుపెట్టాలి. వారాల తరబడి కాలు కదపకుండా ఉంచితే కీలు బిగుసుకుపోతుంది.

చేయకూడని పని ఒకటుంది. పరీక్ష కాకముందే నూనె పోసి గట్టిగా తోమించడం, కాలు పట్టుకుని లాగించడం. మన ఊళ్ళల్లో బెణుకు తీసేవాళ్ళకూ, కట్టు కట్టేవాళ్ళకూ పెద్ద పేరుంది. చిత్తూరు ప్రాంతంలోని పుత్తూరు కట్టుకోసం దూరదూరాల నుంచి వచ్చేవాళ్ళున్నారు. ఎవరి దగ్గరికి వెళ్ళినా సరే, విరిగిన ఎముకను బెణుకనుకుని తోమితే జరగని ముక్క జరుగుతుంది. మామూలు కట్టుతో పోయేది ఆపరేషను దాకా వెళ్తుంది. చిరిగిన లిగమెంటును తోమినా లోపల రక్తం ఇంకా కారి వాపు పెరుగుతుంది.

ఈ వ్యాసం చదివి ఇంట్లోనే నొక్కి చూసుకుని డాక్టరును మానేయమని చెప్పడం ఉద్దేశం కాదు. శిక్షణ పొందిన నర్సులు ఈ నియమాన్ని బాగా వాడగలరని అధ్యయనాలు చూపాయి. శిక్షణ లేని చేతికి ఎముక ఏదో, లిగమెంటు ఏదో తేడా తెలియడం కష్టం. కానీ దెబ్బ తగిలిన క్షణంలో మీరు గమనించాల్సింది ఒకటుంది. పడగానే నాలుగు అడుగులు వేయగలిగారా లేదా? ఆ తర్వాత దాన్ని ఎవరూ పరీక్షించి చెప్పలేరు. అది గుర్తుంచుకుని డాక్టరుకు చెప్పండి. మధుమేహం ఉంటే అడగకపోయినా చెప్పండి. అన్నీ నొక్కి చూసి ఎక్స్‌రే అక్కర్లేదన్న డాక్టరు నిర్లక్ష్యం చేశారని అనుకోవద్దు. కాలు ముట్టుకోకుండానే ఎక్స్‌రే చీటీ రాసిన డాక్టరును మాత్రం "ఒకసారి నొక్కి చూడండి సార్" అని అడగండి. ఏ భాగానికి ఎక్స్‌రే తీయాలో తెలియాలన్నా ముందు నొక్కి చూడాల్సిందే.